ఇంజంక్షన్ దావా ఓడిపోయాక హక్కు కోసం మళ్లీ దావా వేయొచ్చా? రెస్ జ్యుడికేటా, ఎస్టాపెల్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

భూమి తగాదాల్లో ఒక దావా ముగిసీ ముగియకముందే ఇంకోటి మొదలవుతుంది. మొదట పొలంలోకి రావద్దని ఇంజంక్షన్, కొన్నేళ్ల తర్వాత భూమి నాదేనని డిక్లరేషన్. అవతలివాళ్లు వెంటనే "ఇది రెస్ జ్యుడికేటా" అంటారు. నిజంగా అవుతుందా లేదా అన్నది చాలామందికి తేలదు. ఆ ఒక్క మలుపు చుట్టూనే ఈ ప్రశ్నలు.

రెస్ జ్యుడికేటా అంటే అసలు ఏమిటి?

ఇద్దరి మధ్య ఒక విషయం మీద కోర్టు విచారణ జరిపి, చివరి మాట చెప్పేసింది. ఆ తర్వాత అదే ఇద్దరు, లేదా వాళ్ల వారసులు, వాళ్ల దగ్గర కొన్నవాళ్లు, అదే విషయాన్ని కొత్త దావాలో మళ్లీ తేల్చమని అడిగితే కోర్టు విచారించకూడదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 11 చెప్పేది ఇదే.

ఇక్కడ ఒక మాట పట్టుకోండి. సెక్షన్ 11 అడ్డుపడేది "దావా"కు మాత్రమే కాదు, "దావాకు గానీ, అందులోని ఇష్యూకు గానీ" అంటుంది. ఇష్యూ అంటే దావాలో కోర్టు తేల్చాల్సిన ఒక్కో ప్రశ్న. కాబట్టి కొత్త దావా మొత్తం కొట్టేయాల్సిన పని లేకపోవచ్చు. ఒక ఇష్యూ మాత్రం పాత తీర్పుతో మూసుకుపోయి, మిగతావి విచారణకు రావచ్చు.

పాత తీర్పు తప్పు. అయినా నాకు కట్టుబాటేనా?

అవును. తప్పైతే సరిచేసుకునే చోటు అప్పీలు. అప్పీలు వేయకుండా ఊరుకుంటే ఆ తప్పే మీ మీద నిలబడుతుంది. దీనికి మినహాయింపులు తక్కువ. కోర్టుకు అసలు ఆ అధికారమే లేకపోయినా, వాస్తవాలతో సంబంధం లేని శుద్ధమైన న్యాయసూత్రం మీద తప్పు చెప్పినా ఆ మాట శాశ్వతంగా పట్టి ఉంచదని 1970లో మధురా ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మోసం చేసి తెచ్చుకున్న డిక్రీ ఇంకో మినహాయింపు. చెంగల్వరాయ నాయుడు కేసులో వాది అప్పటికే హక్కులు వదిలేస్తూ రాసిచ్చిన రిలీజ్ డీడ్‌ను దాచిపెట్టి పార్టిషన్ డిక్రీ తెచ్చుకున్నాడు. అది కోర్టును మోసగించడమేనని, అలాంటి డిక్రీ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. కానీ "మా సాక్షిని జడ్జిగారు నమ్మలేదు" అన్నది మోసం కాదు. ఆ తేడా చూసుకోకుండానే చాలామంది మోసం అనే మాట వాడేస్తుంటారు.

ఇంజంక్షన్ దావా ఓడిపోయాను. ఇప్పుడు డిక్లరేషన్ వేస్తే రెస్ జ్యుడికేటా అడ్డు వస్తుందా?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఒక్కమాటలో జవాబు లేదు. మొదటి దావాలో హక్కు ప్రశ్న ఎలా వచ్చిందో చూడాలి. ఒక ఊహా కేసు తీసుకుందాం.

రాములు 1998లో రెండెకరాలు రిజిస్టర్డ్ సేల్ డీడ్‌తో కొన్నాడు. అమ్మినవాడి తమ్ముడు సోమయ్య. "అది మా ఉమ్మడి ఆస్తి, మా అన్నకు ఒక్కడికే అమ్మే హక్కు లేదు" అని సోమయ్య పొలంలో దిగాడు. రాములు 2011లో జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఒట్టి ఇంజంక్షన్ దావా వేశాడు. హక్కు తేల్చమని అడగలేదు. 2015లో దావా కొట్టేశారు. అప్పీలు వేయలేదు. 2018లో సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హక్కు తేల్చమని, స్వాధీనం ఇప్పించమని కొత్త దావా వేశాడు.

మొదటి రకంగా అనుకుందాం. 2015 తీర్పులో ఉన్న ముఖ్యమైన ఇష్యూ ఒక్కటే: దావా వేసిన నాటికి రాములు స్వాధీనంలో ఉన్నాడా? పహాణీల్లో సోమయ్య పేరు ఉంది, చుట్టుపక్కల రైతులు సోమయ్యే దున్నుతున్నాడని చెప్పారు. అందుకని కొట్టేశారు. అయితే అదే తీర్పులో జడ్జిగారు దారిలో ఒక వాక్యం రాశారు: "సేల్ డీడ్ కూడా అనుమానాస్పదంగా ఉంది." సోమయ్య ఆ వాక్యాన్ని పట్టుకుని రెస్ జ్యుడికేటా అంటాడు. అది నిలబడదు. స్వాధీనం లేదని తేలగానే దావా అక్కడే అయిపోయింది. సేల్ డీడ్ మీద మాట అవసరం లేకుండా వచ్చిన మాట. రాములు హక్కు దావా నడుస్తుంది. స్వాధీనం మీద మాత్రం 2011 నాటికి తను పొలంలో ఉన్నానని మళ్లీ వాదించలేడు. అందుకే కొత్త దావాలో స్వాధీనం ఇప్పించమని అడగడం సరైన పని.

రెండో రకం. అది బీడు భూమి, ఎవరూ దున్నడం లేదు. ఖాళీ జాగా అయితే హక్కు ఎవరిదో స్వాధీనం వాళ్లదే అని చూస్తారు. కాబట్టి ఎవరిదో తేల్చకుండా ఇంజంక్షన్ ఇవ్వలేరు. రాములు దావా వేస్తూ రాసిచ్చిన ప్లెయింట్‌లోనే తన కొనుగోలు చరిత్ర మొత్తం చెప్పాడు, సోమయ్య జవాబు దావాలో దాన్ని ఖండించాడు, కోర్టు "వాది సేల్ డీడ్ ద్వారా హక్కు నిరూపించాడా?" అని ఇష్యూ వేసింది, ఇరువైపులా సాక్ష్యం నడిచింది, నిరూపించలేదని తేల్చి ఆ కారణంతోనే కొట్టేశారు. ఇప్పుడు 2018 దావాలో హక్కు ప్రశ్న మూసుకుపోయినట్టే. "అప్పుడు నేను అడిగింది ఇంజంక్షనే కదా, డిక్లరేషన్ కాదు కదా" అన్న వాదన రాములును కాపాడదు. చూసేది అడిగిన రిలీఫ్‌ను కాదు, తేలిన విషయాన్ని.

ఈ తేడాకు పరీక్ష ఏమిటి?

2000లో సజ్జాదానషీన్ సయ్యద్ కేసులో సుప్రీంకోర్టు ఒక పనికొచ్చే ప్రశ్న ఇచ్చింది. ఆ విషయాన్ని తేల్చడం పాత దావాకు అవసరమైందా? పాత తీర్పు ఆ తేల్చిన దాని మీదే నిలబడిందా? రెండింటికీ అవును అనగలిగితే, సెక్షన్ 11 మాటల్లో అది నేరుగా, గణనీయంగా ఇష్యూలో ఉన్నట్టు. లేకపోతే అది పక్కదారి మాట. ఇష్యూ అని అచ్చంగా రాసినంత మాత్రాన సరిపోదు, రాయనంత మాత్రాన తప్పించుకున్నట్టూ కాదు. అందుకే తీర్పు ఆఖరి పేజీ ఒక్కటి చదివి చెప్పే అభిప్రాయాన్ని నేను నమ్మను.

ఇంజంక్షన్ దావాలో హక్కును ఎంతవరకు తేల్చాలి అన్నదానికి 2008లో అనాతుల సుధాకర్ కేసు ఉంది. అది వరంగల్ స్థలాల తగాదా, మూలం పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చారన్న ఆస్తి. వాదులు ఒట్టి ఇంజంక్షన్ దావా వేశారు, హైకోర్టు రెండో అప్పీలులో హక్కు లోతుల్లోకి వెళ్లి తేల్చింది. ఇరుపక్షాలూ రాసిచ్చిన ప్లీడింగ్స్‌లో లేని, ఇష్యూ వేయని క్లిష్టమైన హక్కు ప్రశ్నను ఇంజంక్షన్ దావాలో తేల్చకూడదని, హక్కు మీద గట్టి అనుమానం ఉన్నప్పుడు డిక్లరేషన్ దావాకు వెళ్లమని చెప్పాలని సుప్రీంకోర్టు అంది. మన దగ్గర సివిల్ కోర్టుల్లో రోజూ వినిపించే పేరు ఇది. ఎందుకో ఇప్పుడు తెలిసే ఉంటుంది: మొదటి కోర్టు ఈ దారిలో నడిస్తే, తర్వాతి దావాకు రెస్ జ్యుడికేటా అనే ప్రశ్నే చాలావరకు రాదు.

మొదటిది చిన్న కోర్టు, రెండోది పెద్ద కోర్టు. అదైనా నన్ను కాపాడదా?

1976కు ముందు కాపాడేది. తర్వాతి దావాను విచారించే అర్హత మొదటి కోర్టుకు కూడా ఉండాలని సెక్షన్ 11 అసలు మాట. మున్సిఫ్ కోర్టులో ఓడినవాళ్లు దావా విలువ పెంచి పై కోర్టుకు వెళ్లిపోయేవాళ్లు. 1976 సవరణలో ఎనిమిదో వివరణ చేర్చాక ఆ సందు మూసుకుపోయింది. పరిమిత అధికారం ఉన్న కోర్టు తన పరిధిలో తేల్చిన విషయం కూడా కట్టుబాటే. 1994లో రిపోర్టయిన సులోచన అమ్మ కేసులో ఇంజంక్షన్ దావాలో తేలిన హక్కు ప్రశ్నకు సుప్రీంకోర్టు దీన్ని వర్తింపజేసింది.

దావా నేనే గెలిచాను, కానీ తీర్పులో ఒక ఇష్యూ నాకు వ్యతిరేకంగా రాశారు. భయపడాలా?

మామూలుగా అక్కర్లేదు. ఊహా కేసులోనే చూడండి. రాములు స్వాధీనంలో లేడని దావా కొట్టేశారు, కానీ "సేల్ డీడ్ నిజమైనదే" అని కూడా రాశారు. దావా కొట్టేశారు కాబట్టి సోమయ్య గెలిచినట్టే, సేల్ డీడ్ మాట మాత్రం అతనికి వ్యతిరేకం. డిక్రీ మొత్తం అతని వైపే ఉన్నప్పుడు దేనిమీద అప్పీలు వేస్తాడు? సరిచేసుకునే దారి లేని మాట అతన్ని కట్టిపడేయదు.

దీనికి అద్దంలో బొమ్మలాంటి ఉచ్చు ఒకటుంది, ఇందులో పడేవాళ్లు చాలామంది. రాములు ఒక దావా, సోమయ్య ఒక దావా వేశారు. రెండింటినీ కలిపి విచారించి, ఒకే తీర్పు, రెండు డిక్రీలు ఇచ్చారు. రెండింట్లోనూ రాములు ఓడాడు. కోర్టు ఫీజు ఎందుకని ఒక్క డిక్రీ మీదే అప్పీలు వేశాడు. అప్పీలు వేయని డిక్రీ ఖాయమైపోతుంది, అందులో తేలిన అదే విషయం అతని అప్పీలుకే రెస్ జ్యుడికేటాగా అడ్డు పడుతుంది. తీర్పు ఒకటే కదా అనుకోవడమే పొరపాటు. డిక్రీలు లెక్కపెట్టండి.

అప్పట్లో చెప్పడం మర్చిపోయిన వాదనను ఇప్పుడు కొత్తగా చెప్పొచ్చా?

చెప్పగలిగి, చెప్పవలసి ఉండి చెప్పకపోతే, చెప్పి ఓడిపోయినట్టే లెక్క. సెక్షన్ 11 నాలుగో వివరణ ఇది. కన్‌స్ట్రక్టివ్ రెస్ జ్యుడికేటా అంటారు. రాములు మొదటి దావాలో సేల్ డీడ్ ఆధారంగా హక్కు చెప్పి ఓడిపోయి, రెండో దావాలో "సరే, సేల్ డీడ్ పోయినా నాకు అప్పటికే వీలునామా ఉంది" అంటే కుదరదు. ఆ వీలునామా అప్పుడూ చేతిలో ఉంది కదా. మొదటి దావా తర్వాత పుట్టిన కొత్త కారణమైతే సంగతి వేరు.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 2 రూల్ 2 అంటే కూడా ఇదేనా?

కాదు, దాని చుట్టం. రెస్ జ్యుడికేటా తేలిన విషయాన్ని చూస్తుంది. ఆర్డర్ 2 రూల్ 2 అడగకుండా వదిలేసిన రిలీఫ్‌ను చూస్తుంది, మొదటి దావా తేలి ఉండాల్సిన పని కూడా లేదు. ఎక్కువగా తగిలేది అగ్రిమెంట్ కేసుల్లో. బయానా ఇచ్చి ఇల్లు కొనడానికి ఒప్పందం రాసుకున్నారు. యజమాని మూడోవాళ్లకు అమ్మేస్తాడేమోనని ముందు ఇంజంక్షన్ వేశారు, రిజిస్ట్రేషన్ చేయించమనే స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావా తర్వాత చూద్దామనుకున్నారు. మొదటి దావా నాటికే యజమాని ఒప్పందం కాదంటున్నాడని మీ ప్లెయింట్‌లోనే ఉంటే, రెండో దావా పోయే ప్రమాదం ఉంది. 2012లో వర్గో ఇండస్ట్రీస్ కేసులో అలాగే పోయింది. తప్పించుకునే దారి మొదటి దావాలోనే కోర్టు అనుమతి తీసుకోవడం.

విచారణ జరగకుండానే దావా పోతే?

రెస్ జ్యుడికేటా కావాలంటే విషయం విని తేల్చి ఉండాలి. వాది రాలేదని డిఫాల్ట్‌లో కొట్టేసిన దావా రెస్ జ్యుడికేటా కాదు, కానీ ఆర్డర్ 9 రూల్ 9 అదే కారణంతో కొత్త దావాను ఆపేస్తుంది, పాతదాన్నే తిరిగి తెప్పించుకోవాలి. కొత్తగా వేసుకునే స్వేచ్ఛ అడక్కుండా దావా వెనక్కి తీసుకున్నా ఆర్డర్ 23 రూల్ 1 అలాగే తలుపేస్తుంది. ప్లెయింట్ తిరస్కరించినప్పుడు మాత్రం లోపం సరిచేసి కొత్తది వేయొచ్చు. ప్రతివాది రాకపోయినా వాది సాక్ష్యం తీసుకుని ఇచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీ కట్టుబాటే. "నేను వెళ్లలేదు కాబట్టి నాకు వర్తించదు" అనుకునేవాళ్లకు ఈ ముక్క గట్టిగా చెప్పాలి.

అప్పీలు ఇంకా నడుస్తుంటే పాత తీర్పు చివరి మాట కాదు. అప్పటికి కొత్త దావాను సెక్షన్ 10 కింద ఆపమని అడగడం వరకే.

మరి ఎస్టాపెల్ ఎక్కడ వస్తుంది?

రెస్ జ్యుడికేటా కోర్టు నోటిని కట్టేస్తుంది, ఎస్టాపెల్ మనిషి నోటిని కట్టేస్తుంది. మొదటిదానికి తీర్పు కావాలి. రెండోదానికి మీ మాట లేదా మీ నడత చాలు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 115గా ఉన్నది 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 121 అయింది. నంబరు మారినా సారం అదే. ఒక సంగతి నిజమని మీరు ఎదుటివాడిని నమ్మించారు, అతను ఆ నమ్మకంతో ఒక అడుగు వేశాడు, ఇప్పుడు మీరు మాట మారిస్తే అతను నష్టపోతాడు. అప్పుడు మిమ్మల్ని మాట మార్చనివ్వరు.

సోమయ్య దగ్గరికే వద్దాం. 1998లో రాములు డబ్బు కట్టే ముందు సోమయ్యను అడిగాడనుకోండి. "నా వాటా నేను వేరే తీసుకున్నాను, ఇది అన్నదే, కొనుక్కో" అని సోమయ్య రాసిచ్చాడు. ఆ కాగితం చూసే రాములు కొన్నాడు. ఇప్పుడు ఉమ్మడి ఆస్తి అన్న వాదన సోమయ్య నోట రాకూడదు. అదే, నిజం ఏమిటో రాములుకు ముందే తెలిసి ఉంటే ఎస్టాపెల్ లేదు. తెలిసినవాడిని ఎవరూ నమ్మించలేరు కదా.

సేల్ డీడ్ మీద సాక్షి సంతకం పెట్టాను. ఇక నాకు హక్కు పోయినట్టేనా?

సంతకం ఒక్కదానితో పోదు. సాక్షి సంతకం చెప్పేది రాసిచ్చినవాడు సంతకం చేశాడని మాత్రమే. లోపల ఏం రాసి ఉందో సాక్షికి తెలుసనీ, దానికి ఒప్పుకున్నాడనీ దానంతట అది చెప్పదు. కానీ ఇక్కడే కేసులు తిరగబడతాయి. బేరం మీ ఇంట్లో జరిగిందా, డబ్బులో మీకు వాటా వచ్చిందా, హద్దులు మీరే చూపించారా అని క్రాస్‌లో అడుగుతారు. వీటిలో ఒకటి రెండు తేలితే అప్పుడు సంతకం బరువెక్కుతుంది.

కిరాయిదారు యజమాని హక్కునే ప్రశ్నించొచ్చా?

ఇంట్లో ఉన్నంతకాలమే కాదు, ఆ తర్వాత కూడా, కిరాయి మొదలైన నాటికి యజమానికి హక్కు లేదని అనలేడు. ఇది ఇప్పుడు సెక్షన్ 122. కానీ కిరాయి మొదలయ్యాక యజమాని ఇల్లు అమ్మేశాడని, హక్కు పోయిందని చెప్పుకోవచ్చు.

రాజీ పడ్డాం. అది తీర్పే కదా, రెస్ జ్యుడికేటా అవుతుందా?

రాజీ డిక్రీలో కోర్టు దేన్నీ విని తేల్చలేదు, ఇద్దరి ఒప్పందానికి ముద్ర వేసింది. అందుకే అచ్చంగా సెక్షన్ 11 కిందికి రాదని, పార్టీల నడత వల్ల ఎస్టాపెల్ కావచ్చని 1967లో రిపోర్టయిన పులవర్తి వెంకట సుబ్బారావు కేసులో సుప్రీంకోర్టు అంది. ఫలితంలో పెద్ద తేడా లేదు. రాజీ చట్టబద్ధం కాదంటూ వేరే దావా వేయడాన్ని ఆర్డర్ 23 రూల్ 3ఎ ఆపుతుంది. అదే కోర్టుకు వెళ్లాలి.

లోక్ అదాలత్ అవార్డు ఇంకా గట్టిది. దాని మీద అప్పీలు లేదు. మోసంతో అవార్డు తెచ్చుకున్నారన్నా సివిల్ దావా కాదు, హైకోర్టులో రిట్ వేయాలని 2017లో తెలంగాణ నుంచి వెళ్లిన భార్గవి కన్‌స్ట్రక్షన్స్ కేసులో తేలింది. లోక్ అదాలత్ రోజు హడావుడిలో చదవకుండా సంతకం పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

మా తమ్ముళ్ల మధ్య తీర్పు వచ్చింది. నేను ఆడపిల్లని, నన్ను పార్టీగా చేర్చలేదు. నాకు వర్తిస్తుందా?

మీరు పార్టీ కాదు, పార్టీ ద్వారా మీకు హక్కు రాలేదు, మీ తరఫున ఎవరూ నిజాయితీగా వాదించలేదు అంటే మామూలుగా వర్తించదు. మీ తమ్ముడు తన వాటా కోసం పోట్లాడాడు, మీ వాటా కోసం కాదు. అయితే ఉమ్మడి హక్కు కోసం అందరి తరఫునా మంచి మనసుతో నడిపిన దావా అయితే సెక్షన్ 11 ఆరో వివరణ మిమ్మల్నీ కలుపుతుంది. అవతలివాళ్లు పట్టుకునేది దాన్నే.

మా మీద రెండో దావా వేశారు. రెస్ జ్యుడికేటా అని ఎలా చెప్పాలి?

జవాబు దావాలోనే స్పష్టంగా రాయాలి: పాత దావా నంబరు, కోర్టు, పార్టీలు, తేలిన విషయం. రాయకుండా చివరి వాదనలో ఎత్తితే వదులుకున్నట్టు చూస్తారు. ప్లెయింట్‌ను మొదట్లోనే కొట్టేయమని ఆర్డర్ 7 రూల్ 11 కింద పిటిషన్ వేయడం ఇప్పుడు అలవాటైంది గానీ, అక్కడ ప్లెయింట్ ఒక్కటే చూస్తారు. పాత దావా ప్లీడింగ్స్, ఇష్యూలు, తీర్పు పోల్చి చూడందే రెస్ జ్యుడికేటా తేలదు కాబట్టి సాధారణంగా ఆ దారి సరిపోదని 2021లో శ్రీహరి హనుమాన్‌దాస్ తోటలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరు నెలలు ఆ పిటిషన్‌కు పోగొట్టుకోవడం కన్నా ఇష్యూ వేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

కాగితాల విషయంలో తీర్పు, డిక్రీ తెచ్చి ఊరుకోకండి. పాత ప్లెయింట్, జవాబు దావా, ఇష్యూలకు కూడా సర్టిఫైడ్ కాపీలు కావాలి. అప్పుడేం అడిగారు, ఏం కాదన్నారు అన్నది అవి లేకుండా చూపించలేరు. 2003లో వి. రాజేశ్వరి కేసులో ఈ లోటే దెబ్బతీసింది. పాత ఫైళ్లలో తీర్పు, డిక్రీ రికార్డు గదిలో ఎక్కువ కాలం ఉంటాయి, మిగతా కాగితాలు ముందే పోవచ్చు. కాపీ అప్లికేషన్ పెట్టే ముందు మీ పాత వకీలుగారి ఆఫీసులో కట్ట ఉందేమో అడగండి. ఉంటే అందులోని నంబర్లతో కోర్టులో వెతకడం సులువు.